ఖాళీ అయిన ఫ్లాటు: బాగు చేయించి అద్దెకివ్వాలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయాలా?

అద్దెకున్నవాళ్లు తాళాలు ఇచ్చి వెళ్లిన రోజే యజమానికి సలహాలు మొదలవుతాయి. మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే అయిదు వేలు ఎక్కువ వస్తుందంటాడు బ్రోకరు. రంగులు వేయిస్తే చాలంటారు పక్క ఫ్లాటువాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లేమో "ఎవరో ఉండబోయే ఇంటికి మనమెందుకు ఖర్చు పెట్టాలి, వెయ్యి తగ్గించి ఇచ్చేయ్" అంటారు. ఈ మూడు మాటల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఏది ఎప్పుడు ఒప్పవుతుందో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కలో చాలామంది వదిలేసేది డబ్బును కాదు, రోజుల్ని.

హైదరాబాద్‌లో మామూలుగా కనిపించే ఫ్లాటు ఒకటి తీసుకుందాం. నిజాంపేట వైపు మూడో అంతస్తులో 1,100 ఎస్‌ఎఫ్‌టీ డబుల్ బెడ్‌రూమ్, కట్టి పన్నెండేళ్లయింది. పాత అద్దె 18,000. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నెలకు 2,500. ఇంట్లో మనుషులుంటే వాళ్లే కడతారు, ఖాళీగా ఉంటే యజమాని కట్టాలి. ఈ అంకెలు, ముందు ముందు వచ్చే ఖర్చులు లెక్క నడవడానికి నేను వేసుకున్నవి. మీ వీధిలోని అద్దెలు, మీ మేస్త్రీ చెప్పే రేట్లు పెట్టుకుని చూస్తే జవాబు మారవచ్చు, లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు.

ఖాళీగా ఉన్న ఇల్లు రోజుకు ఎంత తింటుంది

18,000 అద్దె రావడం ఆగింది, 2,500 మెయింటెనెన్స్ మీద పడింది. అంటే ఖాళీగా ఉన్న ప్రతి నెలా 20,500 నష్టం. రోజుకు దాదాపు 680 రూపాయలు.

"వెయ్యి తగ్గించి ఇచ్చేయ్" అనే మాటకు బలం ఇక్కడే ఉంది. ఒక నెల ఖాళీగా ఉంటే పోయే 20,500, నెలకు వెయ్యి చొప్పున ఇరవై నెలల పాటు తగ్గించి ఇచ్చినదానితో సమానం. అద్దె దగ్గర పట్టుబట్టి రెండు నెలలు బోర్డు వేలాడదీసుకున్న యజమానికి, తను గెలిచానని అనుకుంటున్న నెలకు వెయ్యి రూపాయలతో ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి మూడేళ్లకు పైనే పడుతుంది.

ఇదే కొలతతో మరమ్మతును కూడా తూచాలి. పని జరిగినన్ని రోజులూ ఇల్లు ఖాళీగానే ఉంటుంది కదా. రంగుల మేస్త్రీ చెప్పిన పది రోజులు ఇరవై రోజులైతే, ఆ అదనపు పది రోజుల ఖరీదు ఏ బిల్లులోనూ కనిపించదు, కానీ మీరు కట్టినట్టే. కాబట్టి మరమ్మతు ఖర్చంటే మేస్త్రీకి ఇచ్చిన డబ్బుకు పని రోజుల అద్దెను కలిపి చూసుకున్న మొత్తం.

ముందు తేలాల్సింది: ఇల్లు ఎందుకు పోవట్లేదు?

మరమ్మతు వల్ల రెండు లాభాలు రావచ్చు. ఒకటి ఎక్కువ అద్దె, రెండోది త్వరగా మనుషులు దిగడం. రెండోది రావాలంటే, ఇల్లు ఆలస్యంగా పోవడానికి కారణం దాని స్థితే అయ్యుండాలి. కారణం వేరే అయితే రంగులు వేసినా బోర్డు అలాగే ఉంటుంది.

దీన్ని పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ఖాళీ చేసేవాళ్లు సాధారణంగా నెల ముందు చెబుతారు. ఆ నెలలోనే, వాళ్లు ఉండగానే, మీరు ఆశిస్తున్న అద్దెకు ఇంటిని ఆన్‌లైన్‌లో పెట్టి, గేటుకు బోర్డు తగిలించండి. పది పన్నెండు రోజులు ఏం జరుగుతుందో గమనించండి. ఫోన్లే రాకపోతే సమస్య అద్దెలోనో, ప్రాంతంలోనో, ఫొటోల్లోనో ఉంది. గోడ మీది మరక వాళ్లు ఇంకా చూడనే లేదు కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. ఫోన్లు వచ్చి, వచ్చినవాళ్లు ఇల్లు చూసి "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అని వెళ్లి మళ్లీ పలకకపోతే సమస్య ఇంట్లోనే ఉందని అర్థం. అప్పుడు వాళ్లు ఏ గదిలో ఆగారో, ఏ తలుపు తీసి మొహం ముడుచుకున్నారో చూస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. నా అనుభవంలో అది చాలాసార్లు బాత్రూమ్ అవుతుంది. హాలు రంగు గురించి యజమానులు పడే టెన్షన్‌లో సగం కూడా వచ్చినవాళ్లు పడరు.

పార్కింగ్ లేకపోవడం, లిఫ్టు చెడిపోయి ఉండటం, ఎండాకాలంలో ట్యాంకర్ల మీద బతకడం, వాస్తు ప్రకారం ముఖద్వారం నచ్చకపోవడం లాంటివి కారణాలైతే ఇంటి లోపల ఎంత ఖర్చు పెట్టినా ఉపయోగం ఉండదు. ఆ లోటును అద్దెలోనే సర్దాలి.

మూడు దారులు, ఒక్కో దారి లెక్క

మన ఫ్లాటుకు ఫోన్లు వస్తున్నాయి, చూసినవాళ్లు వెనక్కి పోతున్నారు అనుకుందాం. యజమాని ముందు మూడు దారులున్నాయి. తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి మూడేళ్లకు, అంటే 36 నెలలకు లెక్క వేద్దాం. మధ్యలో పెంచే అద్దెను మూడింటిలోనూ వదిలేద్దాం.

మొదటి దారి, శుభ్రం చేయించి కారే కుళాయిలు మార్చడం. 12,000 ఖర్చు, అయిదు రోజుల పని. ఇల్లు పాతగానే కనిపిస్తుంది కాబట్టి ఆ తర్వాత మనుషులు దొరకడానికి నలభై రోజులు పడుతుందనుకుందాం. నెలన్నర ఖాళీ. మిగిలిన 34.5 నెలలకు 18,000 చొప్పున 6,21,000 వస్తుంది. అందులోంచి 12,000, నెలన్నర మెయింటెనెన్స్ 3,750 తీసేస్తే 6,05,250 మిగులుతుంది.

రెండో దారి, చెమ్మకు కారణం కనిపెట్టి ఆపడం, లప్పం పెట్టి రంగులు వేయించడం, బాత్రూముల్లో టైల్స్ సందులు మళ్లీ నింపడం, గీజరు, కమోడ్ సీటు, కుళాయిలు మార్చడం. 75,000 ఖర్చు, పద్దెనిమిది రోజుల పని. ఆ తర్వాత పన్నెండు రోజుల్లో మనుషులు దొరికారు, అద్దె 20,000. నెల ఖాళీ. 35 నెలలకు 7,00,000. ఖర్చు 75,000, మెయింటెనెన్స్ 2,500 పోను 6,22,500.

మూడో దారి, ఇవన్నీ చేసి, పైన మాడ్యులర్ కిచెన్, బెడ్‌రూముల్లో వార్డ్‌రోబులు, బాత్రూములకు కొత్త టైల్స్. మొత్తం 4,00,000. యాభై అయిదు రోజుల పని, మనుషులు దొరకడానికి ఇంకో ఇరవై రోజులు. అద్దె 24,000. రెండున్నర నెలలు ఖాళీ. 33.5 నెలలకు 8,04,000. ఖర్చు 4,00,000, మెయింటెనెన్స్ 6,250 పోను 3,97,750.

మూడేళ్లలో మూడో దారి ఓడిపోవడం వింతేమీ కాదు. కిచెన్ మూడేళ్లకు పెట్టేది కాదు కదా. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు మొదటి రెండిటి మధ్య తేడా చూడాలి: రెండో దారి 17,250 ముందుంది. గెలిచిందనిపిస్తుంది, కానీ ఆ గెలుపు చాలా సన్నటిది. అద్దె 20,000 బదులు 19,500 దగ్గర ఆగిపోతే 35 నెలలకు 17,500 తగ్గి, ఆధిక్యం మొత్తం పోతుంది. రంగుల పని సాగి సాగి మూడు వారాలు ఆలస్యమైనా అంతే. కొత్త అద్దె ప్రకారం ఖాళీ రోజు ఖరీదు 750, ఇరవై మూడు రోజులకు 17,250.

ఇంత దగ్గరి లెక్కలో ఏదో ఒకటి తేల్చేది ఇంకో రెండు విషయాలు. ఒకటి అడ్వాన్స్‌లో పట్టుకున్న డబ్బు, రెండోది ఆదాయపు పన్ను.

పట్టుకున్న నెల అద్దె ఎవరిది?

హైదరాబాద్‌లో చాలా ఒప్పందాల్లో ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసమని అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దె పట్టుకోవడం అలవాటు. దాంతో యజమానికి "రంగులు పాతవాళ్ల డబ్బుతోనే కదా, నాకు ఖర్చేముంది" అనిపిస్తుంది. ఈ మాట పొరపాటు. ఆ 18,000 ఇప్పటికే చేతిలో ఉంది. రంగులు వేయించినా వేయించకపోయినా అది ఉంటుందంటే రెండు దారులకూ సమానమే, పోలికలో దాని పాత్ర సున్నా.

వేయించకపోతే దాన్ని ఉంచుకునే హక్కు ఉందా అన్నది వేరే ప్రశ్న. ఒప్పందంలో "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె" అని మాత్రమే రాసుకుంటే ఉంచుకునేవాళ్లున్నారు. "రంగుల ఖర్చు కింద" అని రాసుకుని, గోడలు అలాగే వదిలేసి కొత్తవాళ్లకు ఇస్తే పాతవాళ్లు అడిగే మాటకు జవాబుండదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం, వేరే ఒప్పందం లేనప్పుడు గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగులు యజమాని బాధ్యత కిందే పెట్టింది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఆ నమూనా దానంతట అది అమల్లోకి రాదు, కానీ ఈ వాదనలో రెండో వైపు కూడా ఉందని చెప్పడానికి అది చాలు.

రంగులు వేయించకపోతే డబ్బు తిరిగి ఇచ్చేయాలి అనుకునే యజమానికి మొదటి దారిలో 18,000 తగ్గుతుంది. రెండో దారి ఆధిక్యం 35,250 అవుతుంది. అప్పుడు అది సన్నటి గెలుపు కాదు.

అదే ఫ్లాటు, వేరే యజమాని

ఇంటి అద్దె మీద పన్ను లెక్కలో ఒక విచిత్రం ఉంది. మున్సిపాలిటీకి కట్టిన ఆస్తి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు దానంతట అదే వస్తుంది. మరమ్మతులకు లక్ష పెట్టినా, ఒక్క రూపాయి పెట్టకపోయినా అదే 30 శాతం. దుకాణం నడిపేవాడు రంగులు వేయిస్తే ఆ బిల్లు ఖర్చు కింద చూపించుకుంటాడు, ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఆ వీలు లేదు. అంటే మరమ్మతుతో పెరిగిన అద్దె మీద పన్ను పడుతుంది, ఆ మరమ్మతుకు పెట్టిన ఖర్చుకు మాత్రం వేరే మినహాయింపు రాదు.

30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి వంద రూపాయల అద్దెలో డెబ్భై మీద పన్ను పడి, ఇరవై ఒక్క రూపాయి పోతుంది. ఆస్తి పన్నును, సెస్సును పక్కన పెడితే చేతిలో మిగిలేది 79. ఈ లెక్కతో మళ్లీ చూస్తే మొదటి దారిలో 4,74,840, రెండో దారిలో 4,75,500 మిగులుతాయి. మూడేళ్లకు తేడా 660 రూపాయలు! అడ్వాన్స్ విషయం పక్కన పెడితే ఆ ఉద్యోగికి రెండు దారులూ ఒకటే. అదే ఫ్లాటు ఒక రిటైరైన మాస్టారిదై, కొత్త పన్ను పద్ధతిలో ఆయన ఏడాది ఆదాయం 12 లక్షల లోపు ఉండి రిబేటు వల్ల పన్ను పడకపోతే, పైన చూసిన 17,250 పూర్తిగా ఆయనదే. బ్రోకరు ఇద్దరికీ ఒకే సలహా ఇస్తాడు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న యజమానికి ఆ రిబేటు వర్తించదు. పైగా అద్దెకున్నవాళ్లు టీడీఎస్ కోసుకుని చెల్లించాల్సిన బాధ్యత ఉంటుంది, అది కొంతమందిని వెనక్కి పంపుతుంది కూడా. అన్నిటికంటే పెద్దది దూరం. పని దగ్గర నిలబడే మనిషి లేని చోట పద్దెనిమిది రోజులు పద్దెనిమిదిగా ఉండవు. మూడు వారాల ఆలస్యంతో లాభం పోతుందని చూశాం కదా. దూరంగా ఉన్నవాళ్లకు చిన్న పని చేయించి త్వరగా ఇచ్చేయడమే చాలాసార్లు నయం.

చెమ్మ మీద రంగు వేస్తే

రెండో దారిలో "చెమ్మకు కారణం కనిపెట్టి" అన్న మాట ఊరికే రాయలేదు. ఆ 75,000లో తేలిగ్గా వృథా అయ్యేది ఇక్కడే. లోపల తడి ఉన్న గోడకు లప్పం పెట్టి రంగు వేస్తే నెల రోజులు అద్దంలా ఉంటుంది. తర్వాత నీటితో పాటు పైకి వచ్చిన ఉప్పు పొర కట్టి, రంగు బుడగలు లేచి, లప్పం పెచ్చులుగా రాలుతుంది. అప్పటికి ఇంట్లో కొత్తవాళ్లుంటారు. మంచాలు, బీరువాలు జరిపి పని చేయాలి, లేదా వాళ్లు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోతారు. వెళ్లిపోతే లెక్కలో వేసుకున్న 35 నెలలూ 11 అవుతాయి.

వాన పడ్డప్పుడే మరక పెరుగుతుంటే బయటి గోడ పగులో, సన్‌షేడ్ కలిసే చోటో, పై అంతస్తయితే టెర్రస్సో కారణం. ఎండాకాలంలో కూడా తడి ఒకేలా ఉంటే పైపునీ, పై ఫ్లాటు బాత్రూమునీ అనుమానించాలి. పైవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల బాత్రూమ్ జాలీ మూసి, నేల మీద నీళ్లు నిలబెట్టి ఒక రోజు ఉంచితే కింద తెలిసిపోతుంది. గోడ ఆరిందో లేదో చూడటానికి ఒక ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అతికించి మర్నాడు తీయండి. గోడకు ఆనుకున్న వైపు తేమ పట్టి ఉంటే ఇంకా రంగు వేసే సమయం రాలేదు. ఈ ఆరే రోజులు కూడా ఖాళీ రోజులే. అందుకే చెమ్మ పనిని పాతవాళ్లు ఉండగానే, నోటీసు నెలలోనే మొదలుపెట్టగలిగితే లెక్క బాగా మారుతుంది. వాళ్ల అనుమతి కావాలి, అడిగే తీరును బట్టి ఇస్తారు.

మాడ్యులర్ కిచెన్ ఎన్నేళ్లకు తిరిగొస్తుంది

మూడో దారిని రెండో దారితో పోల్చాలి, ఎందుకంటే రంగులు రెండింటిలోనూ ఉన్నాయి. అదనంగా పెట్టింది 3,25,000. అదనంగా ఖాళీగా ఉన్నది నెలన్నర, దాని ఖరీదు 33,750. మొత్తం 3,58,750 పెడితే నెలకు 4,000 ఎక్కువ వస్తోంది. తిరిగి రావడానికి దాదాపు తొంభై నెలలు, ఏడున్నరేళ్లు. 30 శాతం శ్లాబువాళ్లకు పన్ను పోను తొమ్మిదేళ్లు దాటుతుంది. అద్దె ఇళ్లలో కిచెన్ అన్నేళ్లు అదే మెరుపుతో ఉండటం కష్టం. చవక పార్టికల్ బోర్డు పెట్టించి ఉంటే సింకు కింద రెండు మూడేళ్లకే ఉబ్బి, తలుపులు పడకుండా పోతాయి.

ఇంకో అడ్డంకి, అపార్ట్‌మెంట్ అద్దెకు ఉండే గరిష్ఠ హద్దు. అదే బ్లాకులో మిగతా డబుల్ బెడ్‌రూములు 19 నుంచి 21 వేలకు పోతుంటే, 24 ఇవ్వగలిగినవాళ్లు ఆ డబ్బుకు కొంచెం పక్కన క్లబ్‌హౌస్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో చూసుకుంటారు. మీ కిచెన్ ఎంత బాగున్నా వాళ్లు మీ గేటు దాకా రారు.

కిచెన్ వైపు మాట్లాడేవాళ్ల వాదనలోనూ బలం ఉంది. చుట్టూ అన్ని ఫ్లాట్లకూ వుడ్‌వర్క్ ఉండి మీదొక్కటే ఉత్త బండతో ఉంటే, అక్కడ కిచెన్ అదనపు అద్దె తేవడానికి కాదు, పోటీలో నిలబడటానికి. వుడ్‌వర్క్ ఉన్న ఇంట్లోకి దిగిన కుటుంబం ఎక్కువ కాలం ఉంటుందనీ, మధ్య ఖాళీలు తగ్గుతాయనీ వాళ్లంటారు. ఇది కొంతవరకు నిజమే. కానీ ఉద్యోగం మారో, పిల్లల స్కూలు మారో, సొంత ఇల్లు కొనుక్కునో వెళ్లేవాళ్లను కిచెన్ ఆపదు.

మధ్యస్తంగా ఒక పని ఉంది. ఉన్న గ్రానైట్ బండ అలాగే ఉంచి కింద షెల్ఫులకు, పైన అటకకు తలుపులు పెట్టించడం, ఒక గదిలో ఒక వార్డ్‌రోబు. నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్‌తో 60,000 అవుతుందనీ, రంగుల పనితో పాటే సాగి ఏడు రోజులే ఎక్కువ పడుతుందనీ, అద్దె ఇంకో 1,500 పెరుగుతుందనీ అనుకుంటే, పన్ను లేనివాళ్లకు మూడేళ్ల ఎనిమిది నెలల్లో, 30 శాతం శ్లాబువాళ్లకు నాలుగున్నరేళ్లలో తిరిగొస్తుంది. ఆ ప్లైవుడ్ అంతకాలం నిలుస్తుంది. పెద్ద కిచెన్ కంటే ఇది చాలా మంచి లెక్క.

ఆషాఢం అడ్డొస్తే

మన ఊళ్లలో ఇల్లు ఖాళీగా ఉండే రోజుల్ని పంచాంగం కూడా నిర్ణయిస్తుంది. స్కూళ్లు తెరిచే ముందు, ఏప్రిల్, మే నెలల్లో కుటుంబాలు ఎక్కువగా ఇళ్లు మారతాయి. ఆషాఢం రాగానే ఆ కదలిక తగ్గుతుంది. అద్దె ఇంట్లో కూడా మంచి రోజు చూసి పాలు పొంగించేవాళ్లు శ్రావణం దాకా ఆగుతారు. పుష్యంలోనూ అంతే. మే మొదట్లో ఖాళీ అయిన ఫ్లాటుకు రెండో దారి ఎంచుకుంటే ఆ నెల మూడో వారానికి పని పూర్తయి, ఇళ్లు వెతికేవాళ్లు ఇంకా ఉండగానే బోర్డు పెట్టొచ్చు. మూడో దారి అయితే పని జూన్ చివరి దాకా సాగుతుంది. చాలా ఏళ్లలో ఆషాఢం వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు మనం వేసుకున్న ఇరవై రోజులు యాభై కావచ్చు.

దీన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు. ఇల్లు ఆషాఢం మొదట్లోనే ఖాళీ అయితే, ఎలాగూ ఆ మూడు నాలుగు వారాలు కుటుంబాలు తక్కువ వస్తాయి కాబట్టి పని రోజుల ఖరీదు దాదాపు సున్నా. మామూలుగా గిట్టని పని అప్పుడు గిట్టవచ్చు. బ్యాచిలర్లకు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఉద్యోగులకు ఇస్తామంటే మాత్రం ఈ పట్టింపు పెద్దగా ఉండదు, ఏ నెలైనా ఒకటే.

ఈ లెక్కకు లొంగనివి

మెయిన్ స్విచ్ దగ్గర వేడెక్కే వైర్లు, ఎర్తింగ్ లేని గీజర్ పాయింటు, ఊడేలా ఉన్న బాల్కనీ రెయిలింగు వంటి వాటికి "తిరిగొస్తుందా" అన్న ప్రశ్న వేయకూడదు. అవి చేయించాకే పై మూడు దారుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మూడింటిలోనూ ఆ ఖర్చు ఉంటుంది కాబట్టి పోలిక మారదు.

రెండు మూడేళ్లలో తామే ఆ ఇంట్లోకి రావాలనుకునేవాళ్ల లెక్క కూడా వేరు. వాళ్లు కిచెన్ ఖర్చును అద్దెతో రాబట్టుకోనక్కర్లేదు. అయితే వాళ్లకు అసలు ప్రశ్న ఇప్పుడు పెట్టించి అద్దెకున్నవాళ్ల చేత వాడించాలా, తాము వచ్చే ముందు పెట్టించుకోవాలా అన్నది. చాలావరకు రెండోదే మేలు. అమ్మే ఆలోచన ఉన్నవాళ్లకు, రంగుల్లాంటి మామూలు మరమ్మతులకు కాకుండా ఇంటికి శాశ్వతంగా కలిసే పనులకు పెట్టిన ఖర్చును అమ్మకపు లాభం లెక్కించేటప్పుడు చూపించుకునే వీలుంది. అందుకు బిల్లులు కావాలి. నగదుకు పని చేసే మేస్త్రీ దగ్గర బిల్లు దొరకదు కాబట్టి, ఆ పనికి డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి, పని వివరాలు రాయించి సంతకంతో రసీదు తీసుకోవాలి.